లైసెన్సు ఉన్నది నిజమే, అది ఎవరిది?

"మన వాడే కదా, మోసం చేస్తాడా?" మాచర్లలోనైనా, గురజాలలోనైనా, నరసరావుపేటలోనైనా గల్ఫ్ వీసా ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దల నోట తరచూ వినిపించే మాట ఇది. వీసా తెచ్చేవాడు దూరపు బంధువో, మసీదులో పక్కన నిలబడి నమాజు చేసేవాడో, పదేళ్ల క్రితం తానే సౌదీ వెళ్లి వచ్చినవాడో అయి ఉంటాడు. అతణ్ణి కాగితం అడగడం అవమానించినట్లు అవుతుందని మనం వెనుకాడుతాం. ఈ మొహమాటమే దళారీకి అసలు పెట్టుబడి. ఈ నెల దీని గురించే మాట్లాడదలచాం.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. గురజాల దగ్గరి ఒక పల్లెలో తొమ్మిదో తరగతితో చదువు ఆపి, టైల్స్ పని నేర్చుకున్న యువకుడు ఉన్నాడనుకుందాం. నరసరావుపేటలో ఉండే ఒక పరిచయస్థుడు సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీ ఉందని, నెలకు పదిహేను వందల రియాళ్ల జీతమని, తిండీ వసతీ ఉచితమని చెబుతాడు. లక్షా ఇరవై వేలు అడుగుతాడు. నమ్మకం కలగడానికి తన ఫోనులో ఒక లైసెన్సు ఫోటో చూపిస్తాడు. దాని మీద భారత ప్రభుత్వ ముద్ర, ఒక హైదరాబాద్ ఏజెన్సీ పేరు, ఒక నంబరు ఉంటాయి. ఇంట్లో అందరూ తృప్తి పడతారు. తల్లి మెడలోని బంగారం తాకట్టుకు వెళుతుంది.

ఆ లైసెన్సు దొంగది కాకపోవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన ప్రాంతంలో నకిలీ లైసెన్సుల కంటే ఎక్కువ జాగ్రత్తపడవలసింది ఇతరుల లైసెన్సును తనదిగా చూపించేవాడి విషయంలో. 1983 నాటి వలసల చట్టం పదో సెక్షను ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే పని ఎవరూ చేయరాదు. ఆ ధ్రువపత్రం ఏ పేరున ఉంటే ఆ పేరుకే వర్తిస్తుంది. చేతులు మార్చుకోవడానికి అది బస్సు టిక్కెట్టు కాదు. నరసరావుపేటలో కూర్చుని హైదరాబాద్ ఏజెన్సీ పేరున డబ్బు వసూలు చేసే 'సబ్ ఏజెంటు' అనేవాడికి ఆ చట్టంలో చోటు లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న "లైసెన్సు ఉందా?" అన్నది కాదు. "ఈ లైసెన్సు ఎవరిది, నువ్వు ఎవరు?" అన్నది.

దీనికి జవాబు విదేశాంగ శాఖ నడుపుతున్న emigrate.gov.in లో దొరుకుతుంది. రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితాలో ఏజెన్సీ పేరుతోగాని, లైసెన్సు నంబరుతోగాని వెతకవచ్చు. అక్కడ మూడు విషయాలు చూడాలి. మొదటిది, ఆ లైసెన్సు ఈ రోజున చెల్లుబాటులో ఉందా అన్నది. గడువు తీరినవి, సస్పెండ్ అయినవి, రద్దయినవి కూడా అక్కడ కనిపిస్తాయి. గోడకు వేలాడే పాత ధ్రువపత్రం ఈ సంగతి చెప్పదు. రెండోది, అక్కడ నమోదైన చిరునామా. మూడోది, అక్కడున్న ఫోను నంబరు.

ఈ మూడోదే మన ఉదాహరణలో కథను తేలుస్తుంది. విజిటింగ్ కార్డు మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే దళారీ మనిషే ఎత్తుతాడు. ప్రభుత్వ జాబితాలో ఉన్న నంబరుకే చేయాలి. చేసి రెండు ప్రశ్నలు అడగాలి: "నరసరావుపేటలో ఫలానా వ్యక్తి మీ ఉద్యోగా? ఫలానా సౌదీ కంపెనీకి టైల్స్ పనివారు కావాలని మీకు కోరిక పత్రం వచ్చిందా?" ఆ మనిషి ఎవరో తమకు తెలియదని వారంటే లక్షా ఇరవై వేలు మిగిలినట్లే. తెలుసు అంటే, ఒప్పందం, రశీదు, చెల్లింపు అన్నీ ఆ ఏజెన్సీతోనే నేరుగా జరగాలని పట్టుబట్టాలి. నిజమైన ఏజెన్సీకి దీనికి అభ్యంతరం ఉండదు. అభ్యంతరం ఎవరికి ఉందో వారిని అనుమానించాలి.

తరువాత అవతలి ఒడ్డు, అంటే యజమాని. కంపెనీ పేరు వినగానే ఇంటర్నెట్‌లో ఎత్తైన భవనాల ఫోటోలు చూసి మన పిల్లలు తృప్తి పడుతున్నారు. ఫోటోలు ఎవరైనా పెట్టగలరు. అడగవలసినవి కాగితాలు. విదేశీ యజమాని భారత ఏజెన్సీకి ఇచ్చే కోరిక పత్రంలో ఏ పనికి ఎంతమంది, ఎంత జీతానికి కావాలో ఉంటుంది. దానితో పాటు, తన తరఫున మనుషులను ఎంపిక చేసే అధికారం ఇస్తూ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది. ఈ రెండింటి మీదా రాసిన ఏజెన్సీ పేరు, ప్రభుత్వ జాబితాలో మనం చూసిన పేరు ఒకటే కావాలి. వేరే ఏజెన్సీ పేరుంటే ఆ పత్రం మన కోసం కాదు.

కంపెనీ అసలు ఉందా అన్నది కూడా తెలుసుకోవచ్చు. సౌదీలో వ్యాపారం చేసే ప్రతి సంస్థకూ వాణిజ్య రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగి తీసుకుని, సౌదీ వాణిజ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో సరిచూడవచ్చు. నంబరు ఇవ్వడానికే ఇష్టపడని కంపెనీ జీతం ఇవ్వడానికి ఇష్టపడుతుందని ఎలా నమ్మాలి? అనుమానం ఉంటే రియాద్, జెడ్డా నగరాల్లో మన దౌత్య కార్యాలయాల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలున్నాయి. దేశంలో నుంచి 1800 11 3090 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

అయితే రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన కంపెనీ మంచిదని కాదు. అది ఉందన్న సంగతే ఆ నంబరు చెబుతుంది. సమయానికి జీతం ఇస్తుందన్న హామీ అందులో లేదు. అందుకే చివరగా వీసాను, ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టి చదవాలి. వీసా మీద యజమానిగా ఉన్న పేరు, ఒప్పందం మీద సంతకం చేసిన కంపెనీ పేరు కలవాలి. వీసాలో రాసిన వృత్తి మనం చేయబోయే పని కావాలి. మనవాళ్లు 'ఆజాద్ వీసా' అని గొప్పగా చెప్పుకునే దానిలో ఈ రెండూ కలవవు. కఫీల్ ఒకడు, పని చేయించుకునేవాడు మరొకడు. జీతం ఆగిన రోజున నీకు నేను యజమానిని కానని ఇద్దరూ తప్పుకుంటారు.

మన యువకుడు పదో తరగతి పాసు కాలేదు. అతని పాస్‌పోర్టు వలస అనుమతి అవసరమైన కోవకు చెందుతుంది. సౌదీ, కువైట్, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్, యూఏఈ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అలాంటివారు ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. దీన్ని పనికిమాలిన ఆటంకమని దళారీలు చెబుతారు, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని అంటారు. ఆ దారిలో వెళ్లినవాడి ఒప్పందాన్ని ఎవరూ పరిశీలించరు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రావలసిన పది లక్షల రూపాయల బీమా రక్షణ కూడా అతనికి ఉండదు. దళారీ తప్పించుకున్నది తనిఖీని, మనం పోగొట్టుకున్నది రక్షణను.

ఆగ్నేయాసియా దేశాల విషయంలో మరో ప్రమాదం ఉంది. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. కనుక విమానాశ్రయంలో ఆ అనుమతి ఎవరూ అడగరు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి, సుమారు లక్షన్నర చొప్పున చెల్లించి వెళ్లిన మన రాష్ట్ర యువకులను అక్కడ సైబర్ మోసాలు చేసే ముఠాలకు అప్పగించిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అక్కడికి వెళ్లినవారిలో చదువుకున్నవారూ ఉన్నారు. అనుమతి అవసరం లేని దేశమైనా, మనుషులను పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండి తీరాలి. ఆ ఒక్క ప్రశ్న మిగిలే ఉంది, దాన్ని అడగడం మన చేతిలో ఉంది.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెన్సీ కార్మికుని నుంచి తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రశీదు ఇవ్వాలి. మన ఉదాహరణలో అడిగిన లక్షా ఇరవై వేలను ఈ అంకె పక్కన పెట్టి చూడండి. రశీదు లేకుండా నగదు అడిగిన క్షణమే ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది.

ఇంతవరకు కార్మికుడు చేయవలసింది చెప్పాం. అయితే ఈ భారమంతా అతనిపైనే వేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. తొమ్మిదో తరగతి చదివిన యువకుడు ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి, ఇంగ్లీషు జాబితా చదివి, సౌదీ కంపెనీ నంబరు సరిచూడాలట. అతణ్ణి మోసగించినవాడికి మాత్రం వలసల చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, రెండు వేల రూపాయల జరిమానా. 1983లో రాసిన ఆ జరిమానా నేడు దళారీకి ఒక పూట ఖర్చు. దీన్ని మార్చాలి.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఊరూరా సచివాలయం ఉంది, అందులో కంప్యూటరు, దాన్ని నడిపే ఉద్యోగి ఉన్నారు. పింఛను, రేషను వివరాలు చూసే ఆ కంప్యూటరులోనే ఏజెంటు లైసెన్సు కూడా చూసి, ఆ పేజీ ముద్రించి ఇవ్వడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. కలెక్టరు ఆదేశం చాలు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంకాప్ తానే లైసెన్సు ఉన్న ఏజెన్సీ. దాని ఉద్యోగ ప్రకటనలు మాచర్ల, గురజాల దాకా తెలుగులోనూ ఉర్దూలోనూ చేరాలి.

మన ఇంటి తప్పును కూడా ఒప్పుకోవాలి. మోసం బయటపడగానే పెద్దలు కూర్చుని, సగం డబ్బు తిరిగి ఇప్పించి, పరువు కోసం ఫిర్యాదు వద్దని రాజీ చేస్తారు. అతను మరుసటి నెల పక్క ఊరికి వెళతాడు. వలసల చట్టం కింద నేరాలకు సాధారణంగా కేంద్రం ముందస్తు అనుమతి ఉంటేనే విచారణ సాగుతుంది. కాని బాధితుడు తానే గాని, అతని తల్లిదండ్రులు, భార్య, తోబుట్టువులు వంటివారు గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని అదే చట్టం చెబుతోంది. అంటే చట్టం ఆ తలుపు తాళం కుటుంబం చేతికే ఇచ్చింది. దాన్ని పంచాయితీలో పారేసుకుంటున్నది మనమే.

మన వాడైతే లైసెన్సు ఎవరిదని అడిగినందుకు నొచ్చుకోడు. నొచ్చుకున్నవాడికి పాస్‌పోర్టు ఇవ్వకండి.