రెండు తప్పులు చేస్తే ఒప్పే!

మా చెల్లి ఎంబీబీఎస్ మొదటి ఏడాది. సెలవులకి తుమ్మపాల వస్తూ ఎముకల సెట్టు తెచ్చుకుంది. స్పాటర్ పరీక్షలో కాలర్ బోన్ ఇస్తే కుడిదా, ఎడమదా చెప్పాలట.

చూసేవి మూడే. బల్లపరుపు కొస భుజం వైపు, లావు కొస రొమ్ము వైపు ఉండాలి. నడుమ గాడి ఉన్న ముఖం కిందికి రావాలి. లావు కొస నుంచి మూడింట రెండొంతులు ముందుకి ఉబ్బాలి. ఇవి కుదిరేలా మెడకింద ఆనిస్తే, బల్లపరుపు కొస ఏ భుజం వైపుంటే ఎముక ఆ పక్కదే.

ఒక్కోసారి గాడి సరిగ్గా కనబడదు. అప్పుడు బల్లపరుపు కొసకి దగ్గర్లో, వెనక అంచున వేలితో తడమాలి. కోనాయిడ్ ట్యుబర్కిల్ అనే బొడిపె తగిలితే అదే కింది ముఖం.

నాకు నచ్చిన లెక్క ఇంకోటుంది. మూడింట్లో ఒక్కటి తారుమారైతే జవాబు తప్పు. రెండు తారుమారైతే మళ్ళీ ఒప్పే! పైది కిందికి, ముందుది వెనక్కి పెట్టినా ఎముక బోర్లాపడిందంతే, బల్లపరుపు కొస అదే భుజం వైపుంటుంది.

అందుకే వైవాలో "కుడిది" అనగానే వదిలిపెట్టరు. "ఎలా చెప్పావ్? ఒంటిమీద పెట్టి చూపించు" అంటారు.