పాత లైకుల జాతకం

ఫొటో పెట్టాలంటే పదిసార్లు ఆలోచిస్తాం. కామెంట్ రాసి, మళ్లీ చెరిపేస్తాం. లైక్ దగ్గర మాత్రం ఆ ఆలోచన ఉండదు, వేలు తగిలితే అయిపోతుంది. అలా కొట్టినవన్నీ ఏళ్ల తరబడి ఒకచోట పేరుకుంటాయి. మనం ఎవరికీ చెప్పని సంగతులు ఆ కుప్పలోనే బయటపడతాయి.

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఊరు ఆళ్లగడ్డ దగ్గర, బీటెక్ కడపలో. ప్రొఫైల్‌లో పేరు, ఒక ఫొటో తప్ప ఏమీ లేదు. లైకులు తీస్తే ఏటా సంక్రాంతి తర్వాత అహోబిలం పారువేట వీడియోలు, ఒక హీరో కటౌట్‌కు పాలాభిషేకం, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, కార్తీక మాసంలో కులసంఘం వనభోజనాల ఫొటోలు, ఈమధ్య అన్నీ బ్రేకప్ రీల్సే. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్ద విషయం కాదు. వరసగా చూస్తే ఊరు, కులం, పార్టీ, చివరికి మనసులో బాధ కూడా తెలిసిపోతాయి.

అయితే వనభోజనాల లైక్ ఒక్కటీ తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. 2013లో కోసిన్‌స్కీ, స్టిల్‌వెల్, గ్రేపెల్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో 58 వేల మందికి పైగా ఫేస్‌బుక్ వాలంటీర్ల లైకులను పరిశీలించారు. ఒక డెమొక్రాట్‌ను, ఒక రిపబ్లికన్‌ను పక్కపక్కన పెడితే, ఎవరు ఏ పార్టీయో లైకులను బట్టే నూటికి 85 సార్లు సరిగ్గా చెప్పగలిగారు. గే మగవాళ్లను గుర్తించడంలో ఆ లెక్క 88. కానీ గే అయినవాళ్లలో ఆ సంగతి నేరుగా తెలిపే పేజీలను లైక్ చేసినవాళ్లు 5 శాతం కూడా లేరు. అంటే గుట్టు విప్పింది పెద్ద లైకులు కాదు, పాటలు, షోల మీద కొట్టిన మామూలు లైకులే. అందుకే ఏరి ఏరి తీయడం కంటే, కాలాన్ని బట్టి తీసేయడం మేలు. ఇంటర్ రోజులవి మొత్తం, ఎన్నికల నెలలవి మొత్తం, అలాగన్నమాట.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్‌కు వెళ్లి, పైన మూడు గీతలు నొక్కి, Your activity, అందులో Likes తెరవండి. Sort & filterలో మొదటి తేదీ, చివరి తేదీ పెడితే ఆ కాలానివే కనిపిస్తాయి. Select నొక్కి, కావలసినవాటికి టిక్ పెట్టి, Unlike కొట్టండి. ఒకేసారి వందలకొద్దీ తీస్తే యాప్ అనుమానపడి కాసేపు ఆపేస్తుంది. కొన్ని కొన్నిగా, రోజుకు కాసిన్ని తీయండి. మీ కోసం మేం తీసిపెడతామంటూ పాస్‌వర్డ్ అడిగే యాప్‌ల జోలికి పోవద్దు. లైకులు పోతాయో లేదో గానీ అకౌంట్ మాత్రం పోవచ్చు.

ఫేస్‌బుక్‌లో అయితే Activity logలో Likes and reactions ఉంటుంది. అక్కడ కూడా గుత్తగా తీయొచ్చు. లైక్ చేసిన పేజీలను మాత్రం విడిగా చూసుకోవాలి. బయటివాళ్లకు ఎక్కువగా కనపడేవి అవే.

ఇది ఇప్పుడెందుకంటే, ఎంఎస్‌కు అమెరికా వెళ్లే పిల్లలు మన కర్నూలు, కడపల్లో కూడా ఉన్నారు. అక్కడి స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ప్రొఫైళ్లను పబ్లిక్‌లో పెట్టాలని 2025 జూన్‌లో చెప్పారు. అధికారికి మీ లైకుల జాబితా మొత్తం కనపడదు. కానీ పబ్లిక్ పోస్టు కింద మీ పేరు, మీరు లైక్ చేసిన పేజీలు కనపడొచ్చు. లైకులు తీసుకోవడం మీ ఇష్టం. ఫారంలో అకౌంటే లేదని రాయడం మాత్రం అబద్ధం కిందికి వస్తుంది, అది అసలుకే మోసం. ఇక ఇంటి సంగతి చూస్తే, ఇన్‌స్టాగ్రామ్ 2025 ఆగస్టులో రీల్స్‌కు Friends ట్యాబ్ పెట్టింది. మీరు లైక్ కొట్టిన రీల్ మీ బావమరిదికి, మీ లెక్చరర్‌కు కూడా కనపడే అవకాశం ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకోవచ్చు.

తీసేసినంత మాత్రాన అన్నీ మాయం కావు. ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ అలాగే ఉంటుంది. ఇన్నేళ్ల లైకులతో కంపెనీ మీ గురించి వేసుకున్న అంచనా కూడా ఒక్కరోజులో చెరిగిపోదు. మీ పేరు పోస్టుల కింద నుంచి పోతుంది, కొత్తగా వెతికేవాళ్లకు దొరకదు, అంతే.

తీసే ముందు ఒక్క పని చేయండి. డేటా డౌన్‌లోడ్ పెట్టుకుని ఆ ఫైల్ ఓసారి చదవండి. ఏ లైక్ ఏ రోజు, ఎన్ని గంటలకు కొట్టారో అందులో ఉంటుంది. నిద్రపట్టని రాత్రులు కూడా లెక్కకు దొరుకుతాయి. పేరు తీసేసి ఆ జాబితాను అపరిచితుడి చేతిలో పెడితే మీ గురించి ఏమనుకుంటాడు? ఏం తీయాలో, ఏం ఉంచాలో అప్పుడు మీకే తెలుస్తుంది.