సెల్ఫ్ అప్రైజల్‌లో ఏం రాయాలి?

‘రోజూ టికెట్లు చూశాను, యూజర్ల కాల్స్ అటెండ్ అయ్యాను.’ సెల్ఫ్ అప్రైజల్ ఫామ్‌లో చాలామంది రాసేది ఇదే. ఈ సంగతి మేనేజర్‌కి ముందే తెలుసు, మీ జాబ్ డిస్క్రిప్షనే కదా! మీరు ఆ సీట్లో ఉండటం వల్ల ఏం మారిందో చెప్పాలి.

ఐటీ సపోర్ట్‌లో ఉన్న ఓ అమ్మాయినే తీసుకుందాం. పాస్‌వర్డ్ రీసెట్ టికెట్లు తనకి నెలకి 90 దాకా వచ్చేవి. ఎవరికి వాళ్లే రీసెట్ చేసుకునేలా ఒక పేజీ గైడ్ రాసి, జూన్‌లో అందరికీ పంపింది. తర్వాతి మూడు నెలల సగటు 30. ఒక్కో టికెట్‌కి 10 నిమిషాలు వేసుకున్నా, నెలకి 10 గంటలు మిగిలినట్టే. ఫామ్‌లో రాయాల్సింది ఈ లెక్క.

పాత అంకె లేకపోతే ఈ 30 ఎక్కువో తక్కువో ఎవరికీ అర్థం కాదు. అందుకే టికెటింగ్ టూల్‌లోంచి పాత నెలల రిపోర్ట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. అన్ని రకాల టికెట్లూ అదే స్థాయిలో తగ్గాయేమో కూడా చూడండి. ఆఫీసులో జనమే తగ్గి ఉంటే ఆ క్రెడిట్ గైడ్‌ది కాదు, మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. గైడ్ ఇద్దరు కలిసి రాస్తే మీ వంతు ఎంతో రాయండి. కొత్తవాళ్లకి పని నేర్పారా? ‘ఇద్దరూ రెండో వారం నుంచే సొంతంగా టికెట్లు తీసుకున్నారు’ అని రాస్తే చాలు.