ఎదురింటి కన్నడిగులకు ఒక పలకరింపు

ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినాలంటే వెతుక్కోనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. కన్నడిగుల పరిస్థితి అలా కాదు. ఉద్యోగరీత్యా అక్కడికి బదిలీ అయిన కన్నడ కుటుంబానికి గడప దాటితే సొంత భాష చెవిన పడేది అరుదు. ఇరుగుపొరుగుతో పనులన్నీ హిందీలో జరిగిపోతాయి. కాబట్టి ఆ ఊరి మిన్నీ బేలో ఏదో ఒక అపార్ట్‌మెంటులో తెలుగువారి ఎదురు వాటాలోకి కన్నడిగులు దిగారనుకుందాం. వాళ్ళను వాళ్ళ భాషలో రెండు మాటలు పలకరించగల అవకాశం, అక్కడున్న అందరిలోకీ మనకే ఎక్కువ. మర్యాద తప్పే ప్రమాదం కూడా మనకే ఎక్కువ.

మొదటి చిక్కు 'నీవు' దగ్గర వస్తుంది. మనకు నీవు అంటే ఏకవచనం, పెద్దవాళ్ళను అనకూడని మాట. కన్నడంలో 'నీవు' అంటేనే మీరు. చనువుగా అనేది 'నీను'. మన అలవాటు కొద్దీ నీవు అనడానికి జంకి మరో మాట కోసం తడుముకోనక్కరలేదు. అలాగే మీ అనడానికి 'నిమ్మ' అనాలి. 'నిన్న' అంటే నీ అని.

క్రియ చివర మర్యాద మనకు 'అండి'తో గట్టిగా వినబడుతుంది. కన్నడంలో అది చాలాచోట్ల ఒక్క ఇకారంలో ఇమిడిపోతుంది. 'హేళు' అంటే చెప్పు, 'హేళి' అంటే చెప్పండి. 'బా' అంటే రా, 'బన్ని' అంటే రండి. తొందరలో ఆ చివరి అచ్చును మింగేస్తే పెద్దాయనను నువ్వు అన్నట్టే అవుతుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంట్లో ఆడవాళ్ళ క్షేమం అడిగేటప్పుడు జరుగుతుంది. మనం 'అమ్మ బాగుందా?' అని ఎంతో ఆప్యాయంగా అడుగుతాం. 'కూర బాగుందా?' అన్నప్పుడూ అదే క్రియ. తెలుగులో స్త్రీకీ, వస్తువుకూ ఏకవచనంలో ఒకే రూపం కాబట్టి మనకు అందులో తప్పు తోచదు. కన్నడంలో ఆ రెండూ వేరు. కూరకు 'చెన్నాగిదె'. చనువున్న చిన్నపిల్లకు 'చెన్నాగిద్దాళె'. గౌరవించవలసిన మనిషికి, ఆడైనా మగైనా, 'చెన్నాగిద్దారె'. తెలుగులో ఆలోచించి 'అమ్మ చెన్నాగిదెయా?' అంటే వాళ్ళ అమ్మగారిని కూరల జాబితాలో చేర్చినట్టే. 'అమ్మ చెన్నాగిద్దారా?' అనాలి. కన్నడం మాట్లాడే తెలుగువారిని కన్నడిగులు పోల్చుకునే గుర్తుల్లో ఇదొకటి. ఎవరూ మొహం మీద దిద్దరు, నవ్వి ఊరుకుంటారు. అందుకే ఈ తప్పు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇక మెట్ల దగ్గర ఎదురైనప్పుడు అనవలసింది ఇంతే: 'నమస్కార. చెన్నాగిద్దీరా? నావు నిమ్మ ఎదురు మనెయవరు. ఏనాదరూ బేకాదరె హేళి.' నమస్కారం, బాగున్నారా, మేము మీ ఎదురింటివాళ్ళం, ఏమైనా కావాలంటే చెప్పండి అని. పేరు తెలిస్తే మనం గారు చేర్చినట్టు వాళ్ళు 'అవరు' చేరుస్తారు, పిలిచేటప్పుడు అది 'అవరే' అవుతుంది. పేరు తెలియకపోతే సర్, మేడమ్ అనడం కన్నడ అపార్ట్‌మెంట్లలోనూ మామూలే. వయసులో పెద్దావిడైతే అమ్మా అనవచ్చు. ఉత్తర కర్ణాటక వాళ్ళయితే మాట చివర 'రీ' వినబడుతుంది. అది మన 'అండీ' చేసే పనే చేస్తుంది.

మరునాడు పొద్దున్న కనబడితే 'తిండి ఆయ్తా?' అనండి. మనకు తిండి అన్న మాట కాస్త మోటుగా తోస్తుంది గానీ అక్కడ అది ఉదయపు ఫలహారం. మధ్యాహ్నమైతే 'ఊట ఆయ్తా?', అంటే భోజనమైందా అని. ఈ ప్రశ్నలకు మర్యాద రూపమంటూ వేరే లేదు, క్రియ భోజనానిది గానీ మనిషిది కాదు గనుక. భాష సరిగా రాని వాళ్ళకు ఇంతకన్నా క్షేమమైన పలకరింపు లేదు. 'ఆయ్తు, నిమ్దు?' అని జవాబొస్తుంది. అయింది, మరి మీది? అని. సెలవు తీసుకునేటప్పుడు 'బర్తీని' అనాలి. వస్తాను అనే. వెళ్తున్నాననే అర్థమున్న 'హోగ్తీని' కన్నా అది వాళ్ళకూ ఇంపుగా ఉంటుంది.

హిందీలో 'ఆప్ కైసే హైఁ' అన్నా మర్యాదకు లోటు లేదు. అయినా దీవుల్లో నూటికి పదమూడు మందిగా ఉన్న మనం, చాలా తక్కువ మందిగా ఉన్న ఇరుగుపొరుగు కోసం ఈ నాలుగు వాక్యాలు నేర్వడం న్యాయమని ఈ పత్రిక అభిప్రాయం. మిన్నీ బేలో గానీ, మరెక్కడైనా గానీ మీ ఎదురింట్లో కన్నడిగులుంటే ఈ వారమే పలకరించండి. వాళ్ళు మీ మాటలో ఏం దిద్దారో మాకు రాయండి, ప్రచురిస్తాం.