బిల్లు మీద తేదీ, నా స్క్రీను మీద తేదీ

మనలో చాలామందికి తేదీ అంటే టేబుల్లో ఒక కాలమ్, అంతే. డిఫాల్టుగా ఈరోజు తేదీ పడేస్తే యూజరుకి ఒక క్లిక్కు మిగులుతుందని సంబరపడతాం. నేనూ అలాగే సంబరపడ్డాను. దానికి చీవాట్లు తిన్నది మాత్రం నేను కాదు, ఉద్యోగంలో చేరి నెల కూడా కాని ఒక అకౌంట్స్ అమ్మాయి.

విజయవాడలో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కొనుగోలు బిల్లులు ఎక్కించే స్క్రీను రాసిచ్చాను. 2025 మార్చి 29న వాళ్ళకి ప్లాస్టిక్ గుళికల లోడు వచ్చింది. సరుకు రెండు లక్షలు, జీఎస్టీ 36 వేలు, మొత్తం 2,36,000. బస్తాలు ఆరోజే గోడౌన్లో దిగాయి. బిల్లు మాత్రం గోడౌన్ కుర్రాడి ఫైల్లోనే ఉండిపోయి ఏప్రిల్ 4న అకౌంట్స్ టేబుల్ మీదకొచ్చింది. ఆ అమ్మాయి మర్నాడు ఎంట్రీ వేసింది. నా స్క్రీను 05-04-2025 అని ముందే నింపి పెట్టింది. ఎంటర్ కొట్టింది. అయిపోయింది.

పెద్ద అకౌంటెంటు గారు ఏటా మార్చి 31 నాటికి ఎంత బాకీ ఉందో చెప్పమని సప్లయర్లకి ఉత్తరాలు రాస్తారు. వీళ్ళు 2,36,000 ఇవ్వాలని ఆ సప్లయరు రాశాడు. మన పుస్తకాల్లో సున్నా. అమ్మాయిని పిలిచారు.

"బిల్లు మన దగ్గరికొచ్చింది ఏప్రిల్లోనే కదండీ సార్?"

"ఏప్రిల్లో వచ్చింది కాయితమమ్మా. సరుకు మార్చిలోనే వచ్చేసింది."

ఇందులో అంత కొంప మునిగేదేముంది, ఐదారు రోజుల తేడాయేగా అని నాకూ అనిపించింది. కానీ చూడండి. మార్చి 31 సాయంత్రం గోడౌన్లో సరుకు లెక్కపెట్టినప్పుడు ఆ బస్తాలు కూడా లెక్కలోకొచ్చాయి. అంటే ముగింపు స్టాకులో రెండు లక్షలు ఉంది, కొనుగోళ్ళలో లేదు. ఫ్రీగా వచ్చిన సరుకన్నమాట! ఆ ఏడు లాభం రెండు లక్షలు ఎక్కువ కనిపిస్తుంది, దాని మీద పన్నూ కట్టాలి. వచ్చే ఏడు లాభం అంతే తగ్గుతుంది. ఏడాది మధ్యలో, జులైలో వేయాల్సిన బిల్లు ఆగస్టులో వేస్తే డిసెంబరుకల్లా సర్దుకుంటుంది. మార్చి 31 దాటితే సర్దుకోదు.

జీఎస్టీది ఇంకో గొడవ. సప్లయరు తన రిటర్నులో 29-03-2025 అనే చూపించాడు, కాబట్టి వీళ్ళ మార్చి GSTR-2B లో అదే తేదీతో వచ్చింది. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి గడువు బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో దాన్నిబట్టి ఉంటుంది. 2024-25 బిల్లుకి 2025 నవంబర్ 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. పొరపాటున క్రెడిట్ తీసుకోకుండా వదిలేస్తే, నా ప్రోగ్రాము మాత్రం దాన్ని 2025-26 బిల్లనుకుని ఇంకో ఏడాది టైముందని చూపిస్తుంది. ఎర్రర్ మెసేజి రాదు, 36 వేలు పోతాయి.

మార్చి ఇంకా మూసెయ్యలేదు కాబట్టి తేదీ మార్చారు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో మార్పులన్నీ లాగులో ఉండాలి కదా, అందుకని ఎందుకు మార్చారో కారణం కూడా రాయించారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

వారం తర్వాత లారీ ట్రాన్స్‌పోర్టు బిల్లు వచ్చింది, తేదీ ఏప్రిల్ 3, పధ్నాలుగు వేలు. ఈసారి అమ్మాయి జాగ్రత్తగా, నేర్చుకున్నట్టే, బిల్లు తేదీ చూసి ఏప్రిల్లో వేసింది. మళ్ళీ పిలుపు :( తిరుగుళ్ళన్నీ మార్చివి. బిల్లు ఏప్రిల్లో రాసినా ఖర్చు మార్చిదే, 31 తేదీతో ప్రొవిజన్ వేసి, బిల్లొచ్చాక దానికి సర్దాలి. "మరి బిల్లు తేదీ చూడమన్నారు కదండీ" అని పాపం ఏడుపొక్కటే తక్కువ. ఆయన కోప్పడలేదు. గేటు దగ్గర సరుకు రాసుకునే రిజిస్టరు తెప్పించి, మార్చి చివరి పేజీ, ఏప్రిల్ మొదటి పేజీ తెరిచి ముందు పెట్టారు. "ఆడిటరు వచ్చి ముందు ఈ రెండు పేజీలే అడుగుతాడమ్మా. ఇందులో ఉన్న ప్రతి లైనూ పుస్తకాల్లో ఏ ఏడాదిలో ఉందో నువ్వే ముందు చూసుకో."

ఆ అమ్మాయి తప్పు ఇందులో ఎంత? నన్నడిగితే చాలా తక్కువ. కాగితం మీది తేదీ, సరుకు లేదా పని అందిన తేదీ, పుస్తకంలో ఎక్కే తేదీ మూడూ వేరు. నేను మూడింటినీ ఒకే గళ్ళో కుక్కి, దాన్ని కూడా నేనే నింపేశాను. ఇప్పుడిలా మార్చాను:

```sql
invoice_date  DATE NOT NULL,
received_date DATE NOT NULL,
posting_date  DATE NOT NULL
```

దేనికీ డిఫాల్టు లేదు. మొన్న ఓనరు గారు ఫోన్ చేసి, ఇదివరకు ఒక తేదీతో పోయేది, ఇప్పుడు మూడు కొట్టాలా, పాతదే బావుంది అన్నారు. మిగతా నెలల్లో కావాలంటే డిఫాల్టు పెడతాను గానీ మార్చి, ఏప్రిల్‌లో మాత్రం పెట్టనన్నాను. ఇంకా ఒప్పుకోలేదాయన.