ఒకే ఆర్డర్‌కు రెండుసార్లు డబ్బు కట్: తప్పు వేలిదా, వెబ్‌సైట్‌దా?

2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ సేవలు కొన్ని గంటల పాటు తడబడ్డాయి. అలాంటి రోజుల్లో అందరూ చేసే పని ఒకటే. పేమెంట్ ఫెయిల్ అని చూపిస్తే మళ్లీ కొడతారు. స్క్రీన్ తిరుగుతూనే ఉంటే ఇంకోసారి నొక్కుతారు. కాసేపటికి మొదటిదీ వెళ్లింది, రెండోదీ వెళ్లింది అని తెలుస్తుంది. యూపీఐ బాగా పనిచేస్తున్న రోజుల్లో కూడా ఇది జరుగుతుంది. పండగ ముందు బట్టల సైట్ల మీద రద్దీ ఎక్కువైనప్పుడు, ఫీజు కట్టే ఆఖరి రోజున ఇంకా ఎక్కువగా జరుగుతుంది.

ఫిర్యాదు చేస్తే "మీరే రెండుసార్లు నొక్కారు కదా" అనే జవాబు వస్తుంది. అసలు నొక్కడం తప్పా? ఒకే కొనుగోలుకు రెండుసార్లు డబ్బు తీసుకోకుండా ఆపే పద్ధతి పేమెంట్ రంగంలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని అమలు చేయాల్సింది కొనేవాళ్లు కాదు, అమ్మే సైట్.

ఫోన్‌కు తెలియని విషయం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓ గృహిణి చిన్న ఆన్‌లైన్ బట్టల దుకాణంలో పిల్లలకు రూ.3,640 విలువైన బట్టలు ఎంచుకున్నారు. రాత్రి 9:14కి పే బటన్ నొక్కారు. యూపీఐ యాప్ తెరుచుకుంది, పిన్ కొట్టారు, బ్యాంకులో డబ్బు కట్ అయింది. కానీ ఆ సమాచారం దుకాణం సర్వర్‌కు చేరడం ఆలస్యమైంది. సైట్ 30 సెకన్లు చూసి, "పేమెంట్ ఫెయిల్, మళ్లీ ప్రయత్నించండి" అని చూపించింది.

ఆమె మళ్లీ నొక్కారు. సైట్ కొత్త ఆర్డర్ నంబర్ సృష్టించి, కొత్తగా పేమెంట్ అడిగింది. మళ్లీ పిన్, మళ్లీ రూ.3,640. ఈసారి వెంటనే సక్సెస్ అని వచ్చింది. రెండు నిమిషాల తర్వాత మొదటి పేమెంట్ సమాచారం కూడా సర్వర్‌కు చేరింది. ఇప్పుడు దుకాణం లెక్కలో రెండు ఆర్డర్లు, రెండు పేమెంట్లు. ఆమె ఖాతాలోంచి పోయింది రూ.7,280.

జవాబు రాలేదంటే మూడు కారణాలు ఉండొచ్చు. అడిగిన మాట సర్వర్‌కు చేరకపోవచ్చు. చేరినా, సర్వర్ పని మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. పని పూర్తయినా, అయిందన్న జవాబు దారిలో పోయి ఉండొచ్చు. ఫోన్‌లో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి సందర్భంలో మళ్లీ ప్రయత్నించకపోతే ఆర్డర్ పడదు. మూడో సందర్భంలో మళ్లీ ప్రయత్నిస్తే రెండు పడతాయి. ఏది జరిగిందో కొనే మనిషికి తెలిసే దారే లేదు.

యూపీఐలో సాధారణంగా పిన్ కొట్టాలి కాబట్టి, కేవలం డబుల్ క్లిక్ వల్ల రెండుసార్లు డబ్బు పోవడం అరుదు. అక్కడ ముంచేది "మళ్లీ ప్రయత్నించండి" అన్న మెసేజే. పిన్, ఓటీపీ అడగని చోట మాత్రం డబుల్ క్లిక్ చాలు. సైట్‌లోని వాలెట్ బ్యాలెన్స్‌తో కొంటే రెండుసార్లు కట్ అవుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే రెండు పార్శిళ్లు గుమ్మం ముందుకొస్తాయి.

చెక్కు నంబర్ లాంటి కీ

బ్యాంకు చెక్కును గుర్తు చేసుకుంటే పరిష్కారం సులువుగా అర్థమవుతుంది. ప్రతి చెక్కుకూ ఒక నంబర్ ఉంటుంది. ఒకసారి పాసైన నంబర్ మళ్లీ వస్తే బ్యాంకు డబ్బు ఇవ్వదు. రెండు వేర్వేరు చెక్కులు ఒకే మొత్తానికి ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే నంబర్లు వేరు.

ఆన్‌లైన్ ఆర్డర్‌కు ఆ నంబర్ లాంటిదే ఐడెంపొటెన్సీ కీ. ఒక పనిని ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒకసారి చేసినట్టే ఉంటే దాన్ని ఐడెంపొటెంట్ అంటారు. 1870లో బెంజమిన్ పియర్స్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త బీజగణితం కోసం తయారు చేసిన మాట ఇది. లిఫ్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒకసారే వస్తుంది. ఆర్డర్ బటన్ కూడా అలాగే పనిచేయాలి.

కొనేవాళ్లు చెకౌట్ పేజీకి రాగానే సైట్ ఒక పొడవాటి యాదృచ్ఛిక నంబర్‌ను తయారు చేస్తుంది. ఆర్డర్ పంపేటప్పుడు దాన్ని కూడా జత చేస్తుంది:

```
POST /orders
Idempotency-Key: 7f3c2a90-5b1e-4c6d-9a42-0e8d6b1f2c35
```

సర్వర్ ముందు ఈ కీని తన రికార్డులో రాసుకుంటుంది, ఆ తర్వాతే ఆర్డర్ తయారు చేస్తుంది. వచ్చిన ఫలితాన్ని ఆ కీ పక్కనే దాచుకుంటుంది. అదే కీతో మళ్లీ అడిగితే కొత్త ఆర్డర్ చేయదు, దాచిన పాత జవాబునే తిరిగి ఇస్తుంది. పని ఇంకా నడుస్తుంటే "ఆగండి, జరుగుతోంది" అని చెబుతుంది.

ఆ గృహిణి విషయంలో ఇలా జరిగి ఉంటే రెండోసారి నొక్కినప్పుడు కూడా పాత ఆర్డర్ నంబరే వచ్చేది. సర్వర్ కొత్త పేమెంట్ అడిగే ముందు, ఆ ఆర్డర్‌కు డబ్బు వచ్చిందా అని పేమెంట్ గేట్‌వేను అడిగేది. వచ్చిందంటే నేరుగా రసీదు చూపించేది. ఇంకా తేలకపోతే, ఫెయిల్ అని కాకుండా "పేమెంట్ పెండింగ్‌లో ఉంది, మళ్లీ కట్టకండి" అని చూపించేది.

కీ ఉన్నా తప్పులు ఎక్కడ

పేరుకు కీ పెట్టి, రెండు ఆర్డర్లు తీసుకునే సైట్లూ ఉంటాయి. చాలాసార్లు జరిగే పొరపాటు, బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త కీ తయారు చేయడం. అది ఒకే బిల్లుకు ప్రతిసారీ కొత్త చెక్కు రాసినట్టే. కీ క్లిక్‌కు కాదు, కొనుగోలుకు చెందాలి. అలాగని కస్టమర్ పేరు, మొత్తం కలిపి కీగా వాడితే ఇంకో చిక్కు వస్తుంది. బంధువుల కోసం అదే బట్టలు నిజంగానే రెండోసారి కొంటే, ఆ ఆర్డర్‌ను సైట్ పాతదే అనుకుంటుంది.

రెండో పొరపాటు కంటికి కనబడదు. సర్వర్ ముందు "ఈ కీ ఉందా?" అని వెతికి, లేకపోతే ఆర్డర్ రాస్తుంది. సెకనులో ఐదో వంతు తేడాతో రెండు క్లిక్‌లు వస్తే, రెండింటికీ "లేదు" అనే సమాధానమే దొరుకుతుంది. రెండూ ఆర్డర్ రాసేస్తాయి. అందుకే ఈ కాపలా డేటాబేస్‌కే అప్పగించాలి:

```
CREATE UNIQUE INDEX one_order
ON orders (customer_id, idem_key);
```

ఈ నియమం ఉంటే రెండో వరుసను డేటాబేసే తిప్పికొడుతుంది. ఒక క్లిక్ తర్వాత బటన్‌ను పనిచేయకుండా చేయడం మంచిదే, కానీ అదొక్కటే చాలదు. పేజీ రిఫ్రెష్ చేసినా, నెట్ పోయి వచ్చినప్పుడు యాప్ తనంతట తానే మళ్లీ పంపినా ఆ బటన్ అడ్డుపడదు.

గేట్‌వేతో మాట్లాడేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. స్ట్రైప్ సంస్థ ఈ కీని తన సేవలో నేరుగా స్వీకరిస్తుంది. అదే కీతో వేరే మొత్తం పంపితే తప్పని చెబుతుంది. కీలను కనీసం 24 గంటలు గుర్తుంచుకుని, ఆ తర్వాత తీసేయవచ్చు. అంటే ఎల్లుండి అదే కీతో అడిగితే కొత్త పేమెంట్‌గా తీసుకునే వీలుంది. ఇక "డబ్బు వచ్చింది" అని గేట్‌వే దుకాణానికి పంపే సమాచారం కూడా ఒకటికి రెండుసార్లు రావచ్చు. పేమెంట్ నంబర్ చూడకుండా ప్రతి సమాచారానికీ సరుకు పంపితే దుకాణానికే నష్టం.

కీకి కూడా హద్దు ఉంది. కస్టమర్ యాప్ మూసేసి, వేరే ఫోన్‌లోంచి మళ్లీ మొదటి నుంచి ఆర్డర్ పెడితే కీ కొత్తదే అవుతుంది. ఆ ఒక్క చోట, "ఐదు నిమిషాల క్రితం ఇదే ఆర్డర్ పెట్టారు, మళ్లీ కావాలా?" అని అడగడమే దారి.

ఆర్‌బీఐ రక్షణ ఎంతవరకు

2019 సెప్టెంబర్ 20న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం యూపీఐలో దుకాణానికి కట్టినప్పుడు ఖాతాలోంచి డబ్బు పోయి, దుకాణానికి కన్ఫర్మేషన్ అందకపోతే, లావాదేవీ తేదీ తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి.

చాలామందికి తెలియని తేడా ఇక్కడే ఉంది. ఈ నియమం ఫెయిలైన లావాదేవీలకు. పై ఉదాహరణలో ఏదీ ఫెయిల్ కాలేదు. బ్యాంకు దృష్టిలో రెండూ సక్సెస్, రెండు డబ్బులూ దుకాణానికి చేరాయి. ఐదు రోజులు ఎదురుచూసినా ఏమీ రాదు. ఆ డబ్బు దుకాణమే రీఫండ్ చేయాలి.

ఏది జరిగిందో స్టేట్‌మెంట్ చూస్తే తెలుస్తుంది. ప్రతి యూపీఐ లావాదేవీకి 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది. ఎస్ఎంఎస్‌లు రెండు వచ్చినా నంబర్ ఒకటే అయితే, కట్ అయింది ఒకసారే. నంబర్లు వేరైతే రెండు పేమెంట్లు జరిగాయి. అప్పుడు రెండు యూటీఆర్‌లు, రెండు ఆర్డర్ నంబర్లు కలిపి దుకాణానికి రాతపూర్వకంగా పంపాలి. రెండో పార్శిల్ బయల్దేరకముందే క్యాన్సిల్ చేయమనాలి. దుకాణం పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫెయిలైన డబ్బును బ్యాంకు తిప్పి ఇవ్వకపోతే ముందు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in ద్వారా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

ఇంటి నుంచి సరుకు అమ్మే చిన్న వ్యాపారులకూ ఇది చిన్న విషయం కాదు. రెండో ఆర్డర్ పడగానే స్టాక్ తగ్గిపోతుంది, బిల్లు తయారవుతుంది. జీఎస్టీ ఉంటే ఆ బిల్లుకు క్రెడిట్ నోట్ రాయాలి. కొరియర్ ఖర్చు తిరిగి రాదు. సైట్ చేసిచ్చిన వాళ్ల నుంచి డెలివరీ తీసుకునే ముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఆర్డర్ బటన్ గబగబా రెండుసార్లు నొక్కాలి. తర్వాత ఇంకో ఆర్డర్ పంపి, జవాబు వచ్చేలోగా ఫోన్ నెట్ ఆపి, మళ్లీ ఆన్ చేసి నొక్కాలి. ఒక్కో పరీక్షకు ఒక్క ఆర్డరే పడితే సైట్ సిద్ధంగా ఉన్నట్టు. రెండు పడితే, సైట్ చేసిన వాళ్లకు ఇంకా పని మిగిలి ఉన్నట్టే.