ముందు సున్నా ఎక్కడుందో అడగండి



స్కూలుకి రాని రోజు హోంవర్క్ ఫొటో రూపంలో మీ వాట్సాప్‌కే వస్తుంది. తొమ్మిదో తరగతి వేగం–కాలం గ్రాఫ్ అలా వచ్చినప్పుడు పిల్లలు వెంటనే లెక్క మొదలుపెట్టేస్తారు. ముందు ఆ గ్రాఫ్‌ను సొంత గ్రాఫ్ పేపర్ మీద గీయించాలని ఒక ఫిజిక్స్ టీచర్‌గా నా అభిప్రాయం. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

ఫొటోలో పేజీ కింది అంచు తెగిపోయిందనుకోండి. ఎడమ పక్క అంకెలు పై నుంచి 20, 15, 10 వరకే కనిపిస్తున్నాయి. పై మూలన స్కేలు ఉంది: అడ్డంగా ఒక గడి 5 సెకన్లు, నిలువుగా ఒక గడి సెకనుకు 5 మీటర్లు. గీత 10 దగ్గర మొదలై, 5 సెకన్లలో 20కి చేరి, అక్కడి నుంచి 15వ సెకను వరకు సమానంగా సాగింది.

త్వరణం అంటే గీత వాలు. (20 − 10) ÷ 5 = 2, అంటే 2 మీ/సె². ఇది సరైన జవాబే. వాలుకి రెండు వేగాల తేడా చాలు, అడుగు భాగం తెగినా నష్టం లేదు.

స్థానభ్రంశం అలా కాదు. అది గీతకీ సున్నా గీతకీ మధ్య ఉన్న వైశాల్యం. కనిపించినంత మేరకే లెక్కేస్తే త్రిభుజం ½ × 5 × 10 = 25, దీర్ఘచతురస్రం 10 × 10 = 100, మొత్తం 125 మీటర్లు. సున్నా దాకా గీసి చూస్తే మొదటి భాగం త్రిభుజం కాదు, ట్రాపీజియం: ½ × (10 + 20) × 5 = 75. రెండోది 20 × 10 = 200. అసలు జవాబు 275 మీటర్లు. తేడా 150. ఫొటోలో తెగిపోయిన పట్టీ వైశాల్యం, 10 × 15, సరిగ్గా అంతే.

ఫిజిక్స్ రాకపోయినా ఈ తప్పును మీరు పట్టుకోవచ్చు. బండి వేగం ఎప్పుడూ 10కి తగ్గలేదు, కాబట్టి 15 సెకన్లలో కనీసం 150 మీటర్లు వెళ్ళి తీరాలి. 20 దాటలేదు, కాబట్టి 300 మించకూడదు. 125 ఆ హద్దుల్లో లేదు, 275 ఉంది.

ఇంకొక మాట. పక్క నుంచి తీసిన ఫొటోలో దూరంగా ఉన్న గడులు చిన్నవిగా కనిపిస్తాయి. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలవనివ్వకండి, గడులు లెక్కపెట్టి అంకెలు రాసుకోమనండి. మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ కొత్త పేపర్ మీద అక్షాలు గీసేటప్పుడు, “సున్నా ఎక్కడ పెడుతున్నావు?” అని అడగండి. ఫొటోలో తెగిపోయిన భాగం వాళ్ళకే కనిపిస్తుంది.